పత్రికలో p = 0.04 అని ఉంటే తెలుగులో ఏమని రాయాలి?

సుజాత_అనువాదం

ఒక సైన్సు పత్రికకు అనువాదాలు చేస్తుంటాను. ఇప్పుడు నా చేతిలో ఉన్నది ఎయిడ్స్ టీకాల చరిత్ర మీద వ్యాసం. అందులో థాయ్‌లాండ్‌లో జరిగిన ఒక పెద్ద ప్రయోగం గురించి పేరా ఉంది. దాని ఫలితం 2009లో ప్రకటించారు. పేరు ఆర్‌వీ144. పదహారు వేల మందికి పైగా పాల్గొన్నారు. సగం మందికి అసలు టీకా, సగం మందికి మందు లేని ఉత్తుత్తి ఇంజెక్షన్. ఎవరికి ఏది పడిందో వాళ్లకూ తెలియదు, వేసినవాళ్లకూ తెలియదు. కొన్నేళ్లు గమనించాక చూస్తే అసలు టీకా వేసుకున్నవాళ్లలో 51 మందికి, ఉత్తుత్తిది వేసుకున్నవాళ్లలో 74 మందికి హెచ్‌ఐవీ సోకింది. అంటే టీకా 31 శాతం రక్షణ ఇచ్చిందని రాసి, పక్కనే p = 0.04 అని పెట్టారు.

నేను దాన్ని ఇలా రాశాను: "ఈ ఫలితం కేవలం కాకతాళీయం అయ్యే అవకాశం 4 శాతమే."

పంపేశాక అనుమానం పట్టుకుంది. లెక్కల పుస్తకం తెరిస్తే మొదటి వాక్యంలోనే నాకు తెలియని మాటలు నాలుగు ఉన్నాయి. మా పాఠకులకు ఆ మాటలు వాడలేను. నా వాక్యం సరైనదేనా? కాకపోతే మామూలు తెలుగులో ఏమని రాయాలి? ఎల్లుండి పేజీలు ప్రెస్‌కు వెళ్తాయి, టెన్షన్‌గా ఉంది.

రమణ_ఫిజిక్స్

సుజాత గారూ, కంగారు పడకండి, మీ వాక్యం బాగానే ఉంది. నేను పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను, క్లాసులో దాదాపు ఇలాగే చెబుతాను. పి-విలువ 0.04 అంటే పొరపాటు పడే అవకాశం 4 శాతం, మిగతా 96 శాతం నమ్మకం. 0.05 కంటే తక్కువ ఉంటే ఫలితాన్ని ఒప్పుకుంటారు, ఎక్కువ ఉంటే ఒప్పుకోరు. ఆ 0.05 కూడా ప్రకృతి నియమమేమీ కాదు. 1925లో రొనాల్డ్ ఫిషర్ అనే శాస్త్రవేత్త, ఇరవైలో ఒకటి అన్నది గీత గీసుకోవడానికి వీలుగా ఉంటుందని రాశాడు, అదే అందరికీ అలవాటైపోయింది.

ట్రయల్_డేటా_మురళి

రమణ గారు ఫిషర్ గురించి చెప్పింది నిజం. కానీ సుజాత గారి వాక్యం తప్పు. 96 శాతం నమ్మకం అన్నది కూడా తప్పు. నేను పదమూడేళ్లుగా మందుల ప్రయోగాల లెక్కలు చూసే పనిలో ఉన్నాను. ఈ వాక్యం వార్తల్లో ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు, డాక్టర్ల నోట కూడా విన్నాను.

సుజాత గారూ, మీరు భాష మనిషి కాబట్టి భాషలోనే చెబుతాను. మీ వాక్యంలో ఒక "తే" పడిపోయింది. అసలు వాక్యం ఇది:

"టీకా ఏమీ పనిచేయకపోతే, ఇంత తేడా రావడం అరుదు, వందలో నాలుగుసార్లు."

మీరు రాసింది ఇది:

"ఇంత తేడా వచ్చింది కాబట్టి, టీకా పనిచేయకపోవడం అరుదు, వందలో నాలుగుసార్లు."

మొదటి వాక్యం టీకా పనిచేయదని ముందే ఒప్పేసుకుని, ఆ ఊహాలోకంలో కూర్చుని లెక్క వేస్తుంది. రెండోది మన లోకంలో టీకా పనిచేస్తుందా లేదా అని తీర్పు చెబుతోంది. పి-విలువ చెప్పేది మొదటిది మాత్రమే. "పనిచేయకపోతే" అన్న షరతు ఎగిరిపోతే, లెక్క వేయని విషయాన్ని లెక్క వేసినట్టు చెప్పినవాళ్లమవుతాం.

సుజాత_అనువాదం

మురళి గారూ, రెండు వాక్యాలూ నాలుగుసార్లు చదివాను. తేడా ఉందని తెలుస్తోంది గానీ ఇంకా చేతికి అందడం లేదు. టీకా పనిచేయదనుకుంటే 125 మంది ఇలా 51గా, 74గా విడిపోవడం అరుదు అంటున్నారు. ఆ "అరుదు" అన్నది ఎలా లెక్కపెట్టారు? అది తెలిస్తే నాకు మిగతాది అర్థమవుతుందేమో.

కిరణ్_పైథాన్

ఇది నేను చూపిస్తాను, పెద్ద లెక్కేమీ అక్కర్లేదు. ఒక నాణెం చాలు.

టీకా ఉత్త నీళ్లే అనుకోండి. అప్పుడు హెచ్‌ఐవీ సోకిన ఆ 125 మందికీ ఎలాగైనా సోకేది. వాళ్లలో ఎవరు ఏ గుంపులో పడ్డారన్నది మొదట్లో చీటీ తీసి పంచినప్పుడే తేలిపోయింది. రెండు గుంపులూ దాదాపు సమానం, ఒకదానిలో 8,197 మంది, రెండోదానిలో 8,198 మంది. కాబట్టి సోకిన ఒక్కొక్కరికీ ఒక నాణెం ఎగరేసినట్టే: బొమ్మ పడితే టీకా గుంపు, బొరుసు పడితే ఉత్తుత్తి గుంపు. 125 సార్లు ఎగరేస్తే సరిగ్గా సగం సగం రాదు. 60–65 రావచ్చు, 58–67 రావచ్చు. మరి 51–74 దాకా జరగడం ఎంత తరచు? కంప్యూటర్‌తో ఎగరేయించాను:

```python
import random
enni = 0
for _ in range(10000):
    bomma = sum(random.random() < 0.5 for _ in range(125))
    if bomma <= 51 or bomma >= 74:
        enni += 1
print(enni)
```

మొత్తం ప్రయోగాన్ని పదివేలసార్లు ఉత్త నీళ్లతో మళ్లీ మళ్లీ చేసినట్టన్నమాట. మూడుసార్లు నడిపాను. 478, 503, 491 వచ్చాయి. అంటే వందలో ఇంచుమించు ఐదుసార్లు, ఉత్త నీళ్లకే ఇంత తేడా పుట్టుకొచ్చింది.

ఒక విషయం గమనించండి. సరిగ్గా 51 ఒక్కటే లెక్కపెట్టలేదు, "51 గానీ ఇంకా తక్కువ గానీ" అని లెక్కపెట్టాను. సరిగ్గా ఫలానా అంకె రావడం ఎప్పుడూ అరుదే, దాంతో ఏమీ తెలియదు. అటువైపు 74, అంతకంటే ఎక్కువ కూడా కలిపాను, ఎందుకంటే నాణెం తేడా చూపాలనుకుంటే ఎటైనా చూపవచ్చు.

కానీ నాకు 0.049 వస్తోంది, వార్తలో 0.04 ఉంది. అదెందుకో మురళి గారే చెప్పాలి.

ట్రయల్_డేటా_మురళి

కిరణ్, చక్కగా చూపించావు. వాళ్లు లెక్క వేసిన పద్ధతి నీ నాణెం లెక్క కంటే కొంచెం వేరు, అందుకే ఆ చిన్న తేడా. అర్థం మాత్రం అదే.

సుజాత గారూ, ఇప్పుడు ఆ ప్రోగ్రామ్ లోపలికి ఒకసారి చూడండి. టీకా పనిచేస్తుందా లేదా అన్న ప్రశ్న అందులో ఎక్కడైనా ఉందా? లేదు. 0.5 అని రాసిన చోట "పనిచేయదు" అని మనమే పెట్టేశాం. అలా పెట్టేసిన లెక్కలోంచి "టీకా పనిచేయకపోవడానికి ఇంత అవకాశం" అన్న జవాబు ఎలా బయటికి వస్తుంది? లోపల వేయనిది బయటికి రాదు.

నాగలక్ష్మి_హెచ్

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి, నాకూ ఇదే పి గురించి ఒక సందేహం. మా వారికి బీపీ మాత్ర మార్చారు. కొత్త మాత్ర గురించి నెట్‌లో ఒక వార్త చదివాను, పాతదానికంటే బీపీ ఎక్కువ తగ్గించిందని, p < 0.001 అని ఉంది. పైన సుజాత గారి టీకాకు 0.04 ఉంది కదా. అంటే మా వారి మాత్ర ఆ టీకా కంటే నలభై రెట్లు బలంగా పనిచేస్తుందని అనుకోవచ్చా? అంత గట్టి మాత్రయితే ఒకటికి బదులు సగం వేసుకుంటే సరిపోతుందేమో అని కూడా అనిపిస్తోంది.

ట్రయల్_డేటా_మురళి

లక్ష్మి గారూ, ముందు ఒక మాట: మాత్ర సగం చేయకండి. డాక్టర్ చెప్పిన మోతాదు డాక్టరే మార్చాలి. ఈ అంకెకూ మోతాదుకూ ఏ సంబంధమూ లేదు.

పి-విలువ మందు బలాన్ని కొలవదు. ఒక ఊహ చెబుతాను. రెండు గుంపుల్లో పదేసి వేల మంది ఉన్నారనుకోండి. కొత్త మాత్ర పాతదానికంటే సగటున ఒక్క పాయింట్ బీపీ ఎక్కువ తగ్గించింది, అంటే 140 ఉండాల్సింది 139 అయింది. అంతమందిని చూశారు కాబట్టి ఆ ఒక్క పాయింట్ కూడా స్పష్టంగా కనబడుతుంది, p < 0.001 వచ్చేస్తుంది. కానీ ఆ ఒక్క పాయింట్ వల్ల ఇంట్లో మనిషికి ఒరిగేది చాలా తక్కువ. అదే గుంపుకు ఇరవై మందే ఉండి తేడా ఐదు పాయింట్లు వచ్చిందనుకోండి, అది పనికొచ్చే తేడా, అయినా పి-విలువ 0.3 దగ్గర ఉండిపోవచ్చు. మనిషి మనిషికీ బీపీ ఎంతో మారుతుంది కాబట్టి ఇరవై మందిలో ఐదు పాయింట్ల తేడా ఊరికే కూడా వస్తుంది.

మీరు చదివిన వార్తలో పి పక్కన "ఎంత తగ్గింది" అన్న అంకె ఉందేమో చూడండి. మీకు కావలసింది అది. ఆ అంకె లేకుండా పి ఒక్కటే ఉంటే ఆ వార్త వల్ల మీకు తెలిసేది చాలా తక్కువ.

నాగలక్ష్మి_హెచ్

ఇప్పుడే వెతికాను. ఆ వార్తలో "గణనీయంగా తగ్గింది" అనే ఉంది, ఎన్ని పాయింట్లో ఎక్కడా లేదు. మాత్ర సగం చేయను లెండి. వచ్చే నెల వెళ్లినప్పుడు ఎంత తగ్గిస్తుందో డాక్టర్‌ను అడుగుతాను.

సుజాత_అనువాదం

లక్ష్మి గారి ప్రశ్న నాకూ ఉపయోగపడింది. ఆ "గణనీయంగా" అన్న మాట మేము రోజూ వాడతాం. ఇంగ్లీషు పరిశోధన పత్రాల్లో ఆ మాటకు "లెక్కల్లో గీత దాటింది" అన్నదే అర్థం, తెలుగులోకి వచ్చేసరికి "చాలా ఎక్కువగా" అయిపోతోంది. నేనే ఎన్ని వార్తల్లో అలా రాశానో తలుచుకుంటే బాధగా ఉంది.

రమణ_ఫిజిక్స్

కిరణ్ నాణెం నాకూ నచ్చింది. అయినా మురళి గారితో ఇంకా పూర్తిగా ఏకీభవించలేకపోతున్నాను. ఊహాలోకం, మన లోకం అంటున్నారు, బాగానే ఉంది. కానీ ఉత్త నీళ్లకు ఇంత తేడా రావడం అంత అరుదైతే, వచ్చిన తేడా ఉత్త నీళ్ల వల్ల కాదని అనుకోవడం సహజం కదా. ఆ సహజమైన అనుమానానికి అంకె తొడిగితే అది 4 శాతం అవదా?

హిగ్స్ కణాన్నే తీసుకోండి. 2012 జులై 4న సెర్న్ పరిశోధన కేంద్రం ప్రకటించినప్పుడు, పొరపాటయ్యే అవకాశం 35 లక్షల్లో ఒకటి అని చాలా పత్రికలు రాశాయి. దాన్ని ఎవరూ తప్పుపట్టలేదే?

ట్రయల్_డేటా_మురళి

తప్పుపట్టారు రమణ గారూ, అప్పట్లో లెక్కలవాళ్ల మధ్య దాని మీద పెద్ద చర్చే నడిచింది. 35 లక్షల్లో ఒకటి అన్నది కూడా "తే" ఉన్న అంకే: హిగ్స్ లేకపోతే, అక్కడి కొలతల్లో కనిపించినంత పొంగు ఊరికే రావడం 35 లక్షల్లో ఒకసారి. పత్రికలు దాన్ని "హిగ్స్ లేకపోయే అవకాశం" అని తిప్పేశాయి.

తిప్పితే ఏమవుతుందో లాటరీతో చూద్దాం. మోసం చేయకపోతే మొదటి బహుమతి తగలడం కోటికి ఒకటి. ఒకతనికి తగిలింది. తగిలింది కాబట్టి అతను మోసం చేయలేదనడానికి అవకాశం కోటికి ఒకటే అందామా? ఎవరో ఒకరికి తగలాల్సిందే. మోసగాళ్లు ఎంతమంది, నిజాయితీగా కొన్నవాళ్లు ఎంతమంది అన్నది తెలియకుండా ఆ వాక్యం తిప్పలేం.

టీకాకు కూడా అంతే. ప్రయోగానికి ముందు ఇలాంటి టీకాల్లో ఎన్ని పనిచేస్తాయన్నది తెలియాలి. అది ఎవరికీ కచ్చితంగా తెలియదు, అందుకే ఊహించుకుందాం. 200 టీకాలు ఉన్నాయి, నిజంగా పనిచేసేవి వాటిలో 20. అన్నిటినీ పరీక్షించాం. పనిచేసే ఇరవైలో పదహారు 0.05 గీత దాటాయనుకోండి, ఎందుకంటే మంచి ప్రయోగం కూడా అన్నిటినీ పట్టుకోలేదు. పనికిరాని 180లో ఇరవైకి ఒకటి చొప్పున తొమ్మిది ఊరికే గీత దాటతాయి. పత్రికల్లో శీర్షికకు ఎక్కేవి మొత్తం ఇరవై ఐదు. వాటిలో తొమ్మిది ఉత్త నీళ్లు. అంటే గీత దాటిన వార్తల్లో వందకు 36 తప్పు, నాలుగో ఐదో కాదు. 20కి బదులు 100 పనిచేసేవి అని మొదలుపెట్టండి, తప్పుల వాటా బాగా తగ్గిపోతుంది. ప్రతి ప్రయోగంలోనూ గీత అదే 0.05, కానీ నమ్మకం ఎక్కడి నుంచి ఎక్కడికో మారిపోయింది.

ఆర్‌వీ144 విషయంలో ముందస్తు నమ్మకం ఎలా ఉండేదంటే, అందులో వాడిన రెండు టీకాల్లో ఒకటి 2003లో విడిగా పరీక్షిస్తే పనిచేయలేదని తేలింది. 2004లో 22 మంది శాస్త్రవేత్తలు ఈ ప్రయోగం చేయడమే సమంజసం కాదని బహిరంగంగా రాశారు. అలాంటి చోట 0.04ను 96 శాతం నమ్మకంగా చదవడం కుదరదు.

రమణ_ఫిజిక్స్

200 టీకాల లెక్క కాగితం మీద వేసి చూశాను. సరే, నేను క్లాసులో చెబుతున్నది తప్పే. వచ్చే వారం పిల్లలకు సరిదిద్ది చెబుతాను.

అయినా హిగ్స్ దగ్గర ఒక మాట మిగిలింది. అక్కడ అంకె ఎంత చిన్నదంటే, ముందస్తు నమ్మకం ఎటు ఉన్నా ఫలితం తారుమారు కాదు. పైగా అట్లాస్, సీఎంఎస్ అని రెండు వేర్వేరు బృందాలు విడివిడిగా చూశాయి. వాక్యం తప్పయినా నిర్ణయం సరైనదే. మీ గొడవంతా 0.04, 0.03 లాంటి గీత పక్కనే నిలబడ్డ అంకెల దగ్గర.

ట్రయల్_డేటా_మురళి

ఒప్పుకుంటాను. ఒక చిన్న షరతు: యంత్రంలోనే లోపం ఉంటే ఆ 35 లక్షలు మనల్ని కాపాడవు. పి-విలువ ఊరికే వచ్చే తేడాను మాత్రమే చూస్తుంది, తప్పుగా కొలిచినదాన్ని చూడదు.

సూటిమాట

ఇంత గొడవ ఎందుకండీ. పి పేరుతో ఎవరికి కావలసింది వాళ్లు తేల్చుకుంటున్నారు, అంతే. ఆ థాయ్‌లాండ్ ప్రయోగంలోనే ఏడుగురిని తీసేసి గీత దాటించారని ఎక్కడో చదివాను. అలాంటప్పుడు ఆ అంకెను పత్రికలో వేయకపోవడమే మంచిది.

ట్రయల్_డేటా_మురళి

ఏడుగురి సంగతి నిజమే, కానీ అది మోసం కాదు. దాన్ని పూర్తిగా చెప్పాలి, ఎందుకంటే ఈ వ్యాసంలో అన్నిటికంటే ముఖ్యమైన విషయం అదేనని నాకనిపిస్తుంది.

చేర్చుకున్నది 16,402 మందిని. తర్వాత పరీక్షల్లో తేలిందేమంటే, వాళ్లలో ఏడుగురికి మొదటి ఇంజెక్షన్ నాటికే హెచ్‌ఐవీ ఉంది. ఐదుగురు టీకా గుంపులో, ఇద్దరు ఉత్తుత్తి గుంపులో. ముందే సోకిన మనిషిని ఏ టీకా కాపాడుతుంది? వాళ్లను తీసేయడం సబబే. తీసేస్తే 51, 74, పి-విలువ 0.04. తీయకుండా అందరినీ లెక్కపెడితే 56, 76, పి-విలువ 0.08.

మూడో లెక్క కూడా ఉంది. షెడ్యూలు ప్రకారం ఇంజెక్షన్లన్నీ వేసుకున్నవాళ్లను మాత్రమే తీసుకుంటే 36, 50, పి-విలువ 0.16. టీకా నిజంగా పనిచేస్తే పూర్తిగా వేసుకున్నవాళ్లలో ఇంకా బాగా కనబడాలి కదా అని చాలామంది అడిగారు.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, 2009 సెప్టెంబరులో ప్రకటించినప్పుడు మొదటి లెక్క ఒక్కటే చెప్పారు. మిగతా రెండూ అక్టోబరులో పూర్తి పత్రంతో బయటికొచ్చాయి. ఆ నెల రోజుల్లో ప్రపంచమంతా "తొలిసారి పనిచేసిన ఎయిడ్స్ టీకా" అని వార్త వెళ్లిపోయింది.

కిరణ్_పైథాన్

నా ప్రోగ్రామ్‌లో 125 బదులు 132 పెట్టి, 56, 76 పెట్టి నడిపాను. పదివేలలో దాదాపు 970 వచ్చింది. పదహారు వేల మందిలో ఏడుగురు ఇటు అటు అయితే ఉత్త నీళ్లకు ఇంత తేడా రావడం రెట్టింపు తరచైపోతోంది! నాకు కొంచెం భయం వేసింది.

ట్రయల్_డేటా_మురళి

భయపడాల్సింది పి-విలువను గీతతో కలిపి చదివే అలవాటుకు. ఆ మూడు లెక్కల్లో రక్షణ ఎంతో చూడు: 31 శాతం, 26 శాతం, 26 శాతం. ఇంచుమించు ఒకే కథ. మూడో లెక్కలో మనుషులు తగ్గారు, సోకినవాళ్లు 86 మందే, కాబట్టి అదే రకం తేడాకు పి-విలువ పెరిగింది. లక్ష్మి గారికి చెప్పిన విషయమే ఇక్కడ తిరగబడి కనిపిస్తోంది. 0.04 అంటే టీకా పనిచేసిందని, 0.08 అంటే పనిచేయలేదని చదివితే, ఏడుగురి వల్ల టీకా గుణమే మారిపోయిందని చెప్పినట్టవుతుంది. మారింది గీతకు మనం అటున్నామా ఇటున్నామా అన్నదే. మూడు లెక్కలూ చెప్పేది ఒకటే, సాక్ష్యం బలహీనంగా ఉంది.

సూటిమాట గారూ, అంకెను వేయకపోవడం దారి కాదు. దాని పక్కన ఇంకో అంకె వేయాలి. ఆ పత్రంలోనే రక్షణ 31 శాతం అని ఒక్క అంకె చెప్పి వదిలేయలేదు, 1 శాతం నుంచి 52 శాతం దాకా ఎక్కడైనా ఉండవచ్చని కూడా ఇచ్చారు. ఆ ఒక్క ముక్క వార్తల్లోకి వచ్చి ఉంటే, చదివినవాళ్లకు అనుమానం ఎంత పెద్దదో తెలిసేది.

సూటిమాట

1 నుంచి 52 అన్నది నాకు అర్థమైంది. అది వేస్తే సరే. సెప్టెంబరులో ఒక్కటే చెప్పడం మాత్రం తప్పేనంటాను.

సుజాత_అనువాదం

అందరికీ కృతజ్ఞతలు. కొత్త వాక్యం ఇలా రాశాను, చూడండి:

"ఈ టీకాకు ఏ గుణమూ లేకపోయినా, ఇంత తేడా లేదా ఇంతకంటే ఎక్కువ తేడా, ఇలాంటి 25 ప్రయోగాల్లో ఒకదానిలో కాకతాళీయంగా కనిపించవచ్చు."

మా ఎడిటర్ చదివి, "వాక్యం బాగుంది, కానీ చివరికి టీకా పనిచేసిందా లేదా? పాఠకుడు అదే అడుగుతాడు" అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

రమణ_ఫిజిక్స్

ఈ వాక్యం నాకు నచ్చింది. "లేకపోతే" బదులు "లేకపోయినా" పెట్టారు, మన చెవికి ఇదే సహజంగా ఉంది, షరతు కూడా పోలేదు. "కాకతాళీయంగా" బదులు "ఊరికే" అంటే ఇంకా తేలిక అనిపిస్తోంది.

ఎడిటర్ గారికి జవాబు 2020లో ఉంది. అదే పద్ధతి టీకాను కొంత మార్చి దక్షిణాఫ్రికాలో 5,400 మందికి పైగా పాల్గొన్న ప్రయోగంలో పరీక్షించారు. ఆ ఏడాది ఫిబ్రవరిలో మధ్యలోనే ఆపేశారు. టీకా గుంపులో 129 మందికి, ఉత్తుత్తి గుంపులో 123 మందికి సోకింది. ఇక పనిచేయలేదనే కదా.

ట్రయల్_డేటా_మురళి

ఆ కొత్త టీకా పనిచేయలేదు, అంతవరకు ఖాయం. 2009 నాటిది ఊరికే వచ్చిన తేడా అని దాంతో తేలిపోయిందా అంటే, నేను అంత గట్టిగా చెప్పను. అక్కడ తిరిగే హెచ్‌ఐవీ రకం వేరు, దానికి తగ్గట్టు టీకానూ మార్చారు, సోకే వేగం కూడా థాయ్‌లాండ్ కంటే చాలా ఎక్కువ. థాయ్‌లాండ్‌లో మొదటి ఏడాది రక్షణ 60 శాతం దాకా ఉండి తర్వాత తగ్గిందని కొందరు చూపిస్తారు. నాకైతే ఆ 60 మీద పెద్ద నమ్మకం లేదు, ఫలితాలు చూశాక కాలాన్ని ముక్కలు చేసి వెతికితే ఎక్కడో ఒకచోట పెద్ద అంకె దొరుకుతుంది. నాతో పనిచేసేవాళ్లలోనే దీని మీద రెండు అభిప్రాయాలు ఉన్నాయి.

రమణ_ఫిజిక్స్

నా మట్టుకు నాకు, రెండోసారి చేస్తే రానిది మొదటిసారి కూడా లేనట్టే.

ట్రయల్_డేటా_మురళి

అదే టీకాతో అదే చోట రెండోసారి చేసి ఉంటే నేనూ అదే అనేవాణ్ణి. అలా ఎవరూ చేయలేదు.

సుజాత_అనువాదం

ఎడిటర్‌తో మాట్లాడాను, ఆ పేరాకు ఇంకో ఐదు లైన్లు చోటిచ్చారు. పేజీలోకి వెళ్తున్నది ఇది:

"టీకా వేసుకున్నవారిలో 51 మందికి, ఉత్తుత్తి ఇంజెక్షన్ వేసుకున్నవారిలో 74 మందికి వైరస్ సోకింది. టీకాకు ఏ గుణమూ లేకపోయినా, ఇంత తేడా లేదా ఇంతకంటే ఎక్కువ తేడా, ఇలాంటి 25 ప్రయోగాల్లో ఒకదానిలో ఊరికే కనిపించవచ్చు. రక్షణ 31 శాతం అని అంచనా వేసినా, అది 1 శాతం నుంచి 52 శాతం దాకా ఎక్కడైనా ఉండవచ్చు. ముందే వైరస్ ఉన్న ఏడుగురిని కూడా కలిపి లెక్కిస్తే సాక్ష్యం ఇంకా బలహీనపడుతుంది. ఈ తరహా మరో టీకాను దక్షిణాఫ్రికాలో పరీక్షిస్తే రక్షణ కనిపించక 2020లో ఆపేశారు. థాయ్‌లాండ్‌లో కనిపించిన తేడా టీకా వల్ల వచ్చిందా, ఊరికే వచ్చిందా అన్న దానిపై పరిశోధకుల్లో ఇప్పటికీ ఏకాభిప్రాయం లేదు."

"గణనీయంగా" అన్న మాట వ్యాసంలో ఇంకో మూడు చోట్ల ఉంది. అక్కడ ఎంత తేడా వచ్చిందో అసలు పత్రాల్లో వెతికి, రేపు సాయంత్రంలోగా అంకెలు పెట్టాలి.